వలయాలు లెక్కపెట్టి కాంతి అలను కొలవడం

ప్రయోగశాలల్లో వాడే మామూలు ఎర్ర లేజరు కాంతిలో ఒక్కో అల పొడవు 632.8 నానోమీటర్లు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక మైక్రాన్. ఈ అల పొడవు అందులో మూడింట రెండు వంతులు కూడా లేదు. తల వెంట్రుక మందంలో ఇలాంటి అలలు వంద దాకా పడతాయి. ఇంత చిన్నదాని పక్కన పెట్టి చూడగల స్కేలు ఎక్కడా దొరకదు. అయినా బల్ల మీద రెండు అద్దాలు, ఒక గాజు పలక, సన్నటి మర ఒకటి ఉంటే చాలు, ఒక విద్యార్థి పూట తిరక్కుండా ఈ పొడవును నూటికి ఒకటి రెండు పాళ్ల తేడాతో చెప్పగలడు. అందుకు చేయాల్సిన పని ఒక్కటే. తెర మీద వెలుగు వలయాలు ఎన్ని కదిలి వెళ్లాయో తప్పకుండా లెక్కపెట్టాలి.

ఈ పరికరం ఆల్బర్ట్ మైకెల్సన్‌ది. మొదట 1881లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో, తర్వాత 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎడ్వర్డ్ మోర్లీతో కలిసి, ఈథర్ జాడ పట్టుకోవడానికి ఆయన దీన్ని వాడాడు. ఆ జాడ దొరకలేదు. ఆ కథ పాఠ్యపుస్తకాల్లో అందరూ చదివేదే. దాని వెలుగులో మరుగునపడిన ఇంకో పని ఉంది. ఇదే పరికరంతో ఆయన 1892-93లో మీటరు పొడవును కాంతి అలల్లో లెక్కగట్టాడు. 1907లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు కమిటీ పేర్కొన్నది కూడా ఆయన చేసిన సూక్ష్మ కాంతి పరికరాలనూ, వాటితో జరిపిన కొలతలనూ. ఆ కొలత దగ్గరికి వెళ్లేముందు పరికరం ఎలా పనిచేస్తుందో చూద్దాం.

లేజరు నుంచి వచ్చిన కాంతి ఏటవాలుగా నిలబెట్టిన గాజు పలక మీద పడుతుంది. ఆ పలకకు ఒకవైపు పలచటి లోహపు పూత ఉంటుంది. దానివల్ల సగం కాంతి పలక గుండా నేరుగా వెళ్లి ఎదురుగా ఉన్న అద్దాన్ని చేరుతుంది. మిగతా సగం పక్కకు తిరిగి రెండో అద్దం మీద పడుతుంది. రెండు అద్దాలూ కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. తిరిగొచ్చిన రెండు భాగాలూ అదే పలక దగ్గర కలిసి తెర మీద పడతాయి. ఒకే కాంతి రెండుగా చీలి, రెండు దారుల్లో తిరిగి, మళ్లీ ఒక్కటైందన్నమాట. ఇప్పుడు రెండింటి అలల శిఖరాలు ఒకదానితో ఒకటి కలిస్తే తెర మీద వెలుగు కనిపిస్తుంది. ఒకదాని శిఖరం రెండోదాని లోయతో కలిస్తే అక్కడ చీకటి. శిఖరాలు కలవాలా వద్దా అనేది రెండు దారుల పొడవుల్లో ఉన్న తేడా తేలుస్తుంది.

రెండు అద్దాల్లో ఒకటి కదలదు. రెండోది మర తిప్పితే ముందుకో వెనక్కో జరుగుతుంది. దాన్ని అల పొడవులో సగం జరిపామనుకోండి. కాంతి ఆ దూరాన్ని పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటుతుంది కాబట్టి దారి సరిగ్గా ఒక అల పొడవు మారుతుంది. వెలుగున్న చోట చీకటై, మళ్లీ వెలుగు వస్తుంది. అంటే తెర మీద ఒక పట్టీ జరిగి, దాని చోటికి తర్వాతి పట్టీ వచ్చింది. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక పట్టీకి అద్దం ఒక అల పొడవు జరిగిందని రాస్తారు, జవాబు సగానికి సగం తప్పుతుంది. మొత్తం లెక్క ఈ ఒక్క వాక్యంలో ఉంది:

2d = Nλ

d అంటే అద్దం జరిగిన దూరం. N అంటే లెక్కపెట్టిన పట్టీలు. λ అంటే అల పొడవు, మన పుస్తకాల్లో తరంగదైర్ఘ్యం అని రాసేది. ఈ మూడింటిలో N మన కళ్లెదుట వస్తుంది. మిగిలిన రెండింటిలో ఒకటి తెలిస్తే రెండోది తేలుతుంది. అద్దం ఎంత జరిగిందో మర చెబితే అల పొడవు వస్తుంది. అల పొడవు ముందే తెలిస్తే అద్దం ఎంత జరిగిందో వస్తుంది. పరికరం అదే, చేసే పనీ అదే, ఎవరిని నమ్మి ఎవరిని అడుగుతున్నామన్నదే మారుతుంది.

ముందు అల పొడవు కొలిచే పని చూద్దాం. లేజరు వెలిగించగానే తెర మీద రెండు గుంపులుగా ఎర్రచుక్కలు కనిపిస్తాయి, ఒక్కో అద్దానిది ఒక్కో గుంపు. గాజు పలక రెండు ముఖాల నుంచీ కొంత కాంతి తిరిగి వస్తుంది కాబట్టి ఒక్కో గుంపులో మందంగా రెండు మూడు చుక్కలు అదనంగా ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా ప్రకాశంగా ఉన్న చుక్కను చూసుకోవాలి. కదలని అద్దం వెనక రెండు చిన్న మరలుంటాయి. వాటిని కొద్దికొద్దిగా తిప్పుతూ ఒక ప్రకాశమైన చుక్కను రెండోదాని మీదికి తేవాలి. రెండూ కచ్చితంగా ఒకదాని మీద ఒకటి పడ్డాయో లేదో చెప్పే గుర్తు ఒకటుంది. కలిసిన చుక్క సన్నగా వణుకుతున్నట్టు మెరుస్తుంది. అప్పుడు లేజరు ముందు చిన్న కటకం పెడితే కాంతి విచ్చుకుని తెర నిండా పట్టీలు పరుచుకుంటాయి.

మొదట అవి వంపు తిరిగిన గీతల్లా ఉంటాయి. అద్దం మరల్ని ఇంకాస్త సవరిస్తే గీతలు వంగి వంగి వలయాలవుతాయి, వాటి కేంద్రం తెర మధ్యకు వస్తుంది. వలయాలే ఎందుకంటే, కటకం వల్ల కాంతి నడిమధ్య నుంచి అంచుల దాకా రకరకాల కోణాల్లో వెళుతుంది. కోణం మారితే దారుల తేడా మారుతుంది. ఒకే కోణంలో వెళ్లిన కాంతి అంతా ఒకే వలయం మీద పడుతుంది. అద్దాన్ని ఒకవైపు జరిపితే కేంద్రం నుంచి కొత్త వలయాలు పుట్టి బయటికి విస్తరిస్తాయి. రెండోవైపు జరిపితే బయటివి లోపలికి కుంచించుకుపోయి కేంద్రంలో ఒక్కొక్కటే మాయమవుతాయి. దారుల తేడా ఎక్కువగా ఉన్నప్పుడు వలయాలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. తేడా తగ్గేకొద్దీ వెడల్పవుతాయి. లెక్కకు అనువైనది తెర మీద నాలుగైదు వలయాలు విడివిడిగా కనిపించే స్థితి.

ఇప్పుడు తెర మీద ఒక వలయం అంచున పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోవాలి. మర తిప్పుతుంటే తర్వాతి వలయం అంచు అదే గీత దగ్గరికి వచ్చినప్పుడు ఒకటి. వడ్లు కుంచంతో కొలిచేవాళ్లు ‘లాభం’ అని మొదలుపెట్టి, తర్వాతి కుంచం పడేదాకా ఆ అంకెనే పలుకుతూ ఉంటారు. లెక్క జారిపోకుండా అది ఒక కట్టుబాటు. ఇక్కడా ఆ పద్ధతే మేలు. ఒకరు మర తిప్పాలి, ఇంకొకరు తెర చూసి పైకి అంకె చెప్పాలి. ఇద్దరి పనీ ఒకరే చేస్తే యాభై దాటాక ఏదో ఒకచోట కన్ను చెదురుతుంది.

మర గురించి ఒక జాగ్రత్త ఉంది. ఏ మరకైనా దాని గాడిలో రవ్వంత వదులు ఉంటుంది. దిశ మార్చి తిప్పగానే డ్రమ్ము మీద గీతలు జరుగుతాయి గానీ అద్దం కదలదు. ఆ వదులు తీరాకే కదులుతుంది. అందుకని లెక్క మొదలుపెట్టే ముందే మరను అనుకున్న దిశలో ఒక పూర్తి చుట్టు తిప్పాలి. వలయాలు కదలడం చూశాకే డ్రమ్ము అంకె రాసుకోవాలి. మధ్యలో పొరపాటున ఎక్కువ తిప్పామని వెనక్కి తిప్పితే ఆ లెక్క పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి చేయాలి. వదులు తీయకుండా మొదలుపెట్టిన లెక్కను గుర్తుపట్టడం తేలికే. మొదటి పది ఇరవై వలయాలకు డ్రమ్ము మీద దూరం మిగతావాటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం. డ్రమ్ము మీద ఒక్కో గీత అద్దం ఒక మైక్రాన్ జరగడాన్ని చూపే పరికరం ఉందనుకోండి. మొదలుపెట్టినప్పుడు డ్రమ్ము 10.0 దగ్గర ఉంది. వంద వలయాలు లెక్కపెట్టాక 41.5 దగ్గరికి వచ్చింది. అద్దం జరిగినది 31.5 మైక్రాన్లు. దాన్ని రెట్టించి వందతో భాగిస్తే 0.630 మైక్రాన్, అంటే 630 నానోమీటర్లు. అసలు విలువ 632.8. తేడా నూటికి అర పాలు కూడా లేదు. ఇది బాగా వచ్చిన లెక్క అనుకోవడానికి వీల్లేదు, కొంత అదృష్టం కూడా ఉంది. కంటితో డ్రమ్మును అర గీత వరకే నమ్మగలం. 31.5లో అర మైక్రాన్ అటూ ఇటూ అంటే జవాబు 620కీ 640కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

మరి దీన్ని మెరుగుపరచడం ఎలా? మంచి లేజరు కొనడం వల్ల ఏమీ రాదు, ఎందుకంటే తప్పంతా డ్రమ్ము చదవడంలో ఉంది. ఆ అర మైక్రాన్ తప్పు ఎన్ని వలయాలు లెక్కపెట్టినా పెరగదు. ఇరవై వలయాలతో ఆపేస్తే అద్దం జరిగేది ఆరు మైక్రాన్ల చిల్లర మాత్రమే, అందులో అర మైక్రాన్ అంటే నూటికి ఎనిమిది పాళ్లు. వంద వలయాలకు అదే ఒకటిన్నర పాలు. ఐదువందలు లెక్కపెడితే అద్దం 158 మైక్రాన్లు జరుగుతుంది, తప్పు మూడు వందల్లో ఒక వంతుకు దిగుతుంది. ఓపికే ఇక్కడ కచ్చితత్వం.

ఓపికతో పాటు లెక్క తప్పే ప్రమాదమూ పెరుగుతుంది. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే, బల్లను మోచేయి తగిలితే వలయాలు ఒక్కసారిగా చెదిరి, అల్లల్లాడి, మళ్లీ నిలుస్తాయి. నిలిచాక చూస్తే అంతా ముందులాగే ఉంటుంది. ఆ చెదిరినప్పుడు ఒక వలయం లోపలికి పోయిందో లేదో తెలిసే మార్గం లేదు, ఒక వలయానికీ ఇంకో వలయానికీ చూడటానికి తేడా ఉండదు కదా. అందుకే ప్రతి యాభై వలయాలకూ ఆగి డ్రమ్ము అంకె రాసుకోవాలి. ఆ అంకెల్ని గ్రాఫు కాగితం మీద పెడితే సరళరేఖ రావాలి. రేఖ వాలు నుంచే అల పొడవు తీయాలి. మధ్యలో నాలుగైదు వలయాలు ఎగిరిపోతే ఆ చోట రేఖకు మెట్టు పడి కనిపిస్తుంది. ఒక్క వలయం తప్పితే ఇలాంటి డ్రమ్ము దాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఒక వలయం అంటే 0.3 మైక్రాన్ చిల్లర, మనం చదవగలిగిన దానికన్నా తక్కువ. ఐదువందల్లో ఒకటి పోతే జవాబులో తేడా నానోమీటరు పైచిలుకు. దానికి మందు అదే కొలతను మళ్లీ మళ్లీ చేయడమే.

గాలి కూడా తన వంతు కల్పించుకుంటుంది. పలకకూ ఒక అద్దానికీ మధ్య అరచేయి పెట్టి చూడండి, కాంతికి అడ్డం రాకుండా దాని కింద. కొన్ని సెకన్లలో వలయాలు తమంతట తామే నెమ్మదిగా కదలడం మొదలవుతుంది. చేతి వేడికి గాలి పలచబడింది, అందులో కాంతి వేగం కాస్త పెరిగింది, దారిలో పట్టే అలల సంఖ్య తగ్గింది. అద్దం 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ మధ్య గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు అర వలయం జరుగుతుంది. ఫ్యాను తిరుగుతున్న గదిలో వలయాలు ఊగిసలాడటానికి కారణం ఇదే. ఫ్యాను ఆపి, పరికరం మీద అట్టపెట్టె బోర్లించి పావుగంట ఆగితే తేడా కళ్లకు కడుతుంది.

లేజరు లేని రోజుల్లో, ఇప్పటికీ కొన్ని ప్రయోగశాలల్లో, ఈ పనికి సోడియం దీపం వాడతారు. దానితో ఒక విచిత్రం జరుగుతుంది. వలయాలు చక్కగా లెక్కపెడుతూ వెళుతుంటే క్రమంగా వెలిసిపోయి, ఒకచోట పూర్తిగా కనబడకుండా పోతాయి. మర తిప్పుతూనే ఉంటే మళ్లీ తేటపడతాయి. పరికరం చెడిపోలేదు. సోడియం పసుపు నిజానికి 589.0, 589.6 నానోమీటర్ల పొడవున్న రెండు రంగులు కలిసింది. రెండూ చెరో వలయాల గుంపు వేస్తాయి. ఒకదాని వెలుగు రెండోదాని చీకటి మీద పడినచోట తెర అంతా ఒకే పసుపు. అద్దం ప్రతి 0.29 మిల్లీమీటర్లకు ఒకసారి ఇలా జరుగుతుంది. బాగా తేటగా ఉన్నచోట మొదలుపెడితే దాదాపు 490 వలయాలకు చూపు ఆనకుండా పోతుందన్నమాట. దూరం కొలవాలంటే ఇలాంటి కాంతి దారి మధ్యలో వదిలేస్తుంది.

మైకెల్సన్‌కు ఎదురైన మొదటి చిక్కు ఇదే. పారిస్ పక్కన సెవ్ర్ అనే చోట అంతర్జాతీయ తూనికలు కొలతల కార్యాలయం ఉంది. ప్రపంచానికంతా మీటరు అంటే అక్కడ భద్రపరిచిన ప్లాటినం-ఇరిడియం కడ్డీ మీద రెండు గీతల మధ్య దూరం. ఆ కడ్డీకి ఏమైనా అయితే మీటరే పోతుంది. అదే మీటరులో ఫలానా కాంతి అలలు ఇన్ని అని ఒకసారి తేల్చిపెడితే, ఆ దీపం వెలిగించి మీటరును ఎక్కడైనా తిరిగి సృష్టించుకోవచ్చు. ఈ పనికి ఆ కార్యాలయం ఆయన్ని పిలిపించింది. ఏ కాంతి వాడాలన్నది ఆయన వలయాలను చూసే తేల్చాడు. అద్దాన్ని దూరంగా జరుపుతూ ఏ దీపం వలయాలు ఎక్కడ మసకబారుతున్నాయో గమనించాడు. సోడియంలాగే హైడ్రోజన్ ఎరుపు కూడా రెండు గీతలుగా తేలింది. కాడ్మియం ఎరుపు మాత్రం దారుల తేడా 20 సెంటీమీటర్లున్నా చెక్కుచెదరలేదు. దాన్నే ఎంచుకున్నాడు.

అయినా అద్దాన్ని మీటరు దూరం జరిపి లెక్కపెట్టడం కుదరదు. అంత దూరంలో కాడ్మియం వలయాలూ కనిపించవు. కనిపించినా లెక్కపెట్టాల్సినవి 31 లక్షలు. సెకనుకు ఒకటి చొప్పున, రాత్రింబవళ్లు ఆగకుండా లెక్కపెడితే 36 రోజులు. ఆ మధ్యలో ఒక్క కుదుపు వచ్చినా మొత్తం వృథా.

ఆయన తొమ్మిది చిన్న ప్రమాణాలు చేయించాడు. ఒక్కొక్కటీ లోహపు చట్రంలో ముందొకటి వెనకొకటిగా బిగించిన రెండు సమాంతర అద్దాల జత. అన్నిటికన్నా చిన్నదానిలో అద్దాల మధ్య దూరం 0.39 మిల్లీమీటర్లు. తర్వాతది దానికి రెట్టింపు, ఆ తర్వాతది దానికి రెట్టింపు. అలా తొమ్మిదోది 10 సెంటీమీటర్లు. వీటిలో నిజంగా వలయాలు లెక్కపెట్టింది చిన్నదానిలో మాత్రమే, పన్నెండు వందల పైచిలుకు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో చెప్పడానికి తెల్లకాంతిని వాడాడు. తెల్లకాంతిలో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి రెండు దారులూ సమానంగా ఉన్నచోట మాత్రమే కొన్ని రంగురంగుల పట్టీలు కనిపించి వెంటనే మాయమవుతాయి. ముందు అద్దం దగ్గర అవి కనిపించినప్పుడు లెక్క మొదలు, వెనక అద్దం దగ్గర మళ్లీ కనిపించినప్పుడు ఆఖరు.

అక్కడి నుంచి రెట్టింపు చేసుకుంటూ పోవడంలో ఉంది అసలు నేర్పు. చిన్నదానిలో 1212.4 వచ్చిందనుకుందాం. చిన్నదాన్ని పెద్దదాని పక్కన పెట్టి, తన పొడవంత ముందుకు జరిపి, రెండో ప్రమాణం దీనికి రెట్టింపు కన్నా ఎంత తేడాగా ఉందో తెల్లకాంతి పట్టీలతో చూశాడు. తేడా లేదనుకుంటే రెండో దానిలో 2424.8 ఉండాలి. మొదటి కొలతలో ఉన్న చిన్న పొరపాటు ఇప్పుడు రెట్టింపైంది. దాన్ని అలాగే వదిలేస్తే ఎనిమిది రెట్టింపుల తర్వాత 256 రెట్లవుతుంది. ఆయన వదల్లేదు. రెండో ప్రమాణం మీద కాడ్మియం వలయాలు చూసి దశాంశ భాగాన్ని మళ్లీ నేరుగా కొలిచాడు. అక్కడ .7 కనిపిస్తే అసలు విలువ 2424.7. పూర్ణాంకం 2424 అని ముందు మెట్టు చెప్పింది, భిన్నం ఎంతో ఈ మెట్టు స్వయంగా చెప్పింది. ప్రతి మెట్టులోనూ పొరపాటు అర వలయం దాటనంతవరకూ పూర్ణాంకం తప్పే అవకాశమే లేదు, భిన్నం తప్పు పోగుపడే అవకాశమూ లేదు. అనుమానం మిగలకుండా కాడ్మియం ఎరుపుతో పాటు ఆకుపచ్చ, నీలం గీతలతో కూడా భిన్నాలు చూశాడు. మూడు రంగుల భిన్నాలూ ఒకే పొడవుకు సరిపోవాలంటే పూర్ణాంకం సరైనదై ఉండాల్సిందే. కొలతల చరిత్రలో ఇంత అందమైన లెక్క నాకు ఇంకొకటి కనిపించలేదు. మూడు లక్షల పదివేల అర అలలున్న 10 సెంటీమీటర్ల పొడవు పన్నెండు వందల వలయాల లెక్కతో తేలిపోయింది.

చివరగా ఆ 10 సెంటీమీటర్ల ప్రమాణాన్ని పదిసార్లు జరిపి మీటరుతో పోల్చాడు. 15 డిగ్రీల వేడి, 760 మిల్లీమీటర్ల పీడనం ఉన్న గాలిలో మీటరుకు కాడ్మియం ఎరుపు అలలు 15,53,163.5 అని తేలింది. అంటే ఒక్కో అల 643.847 నానోమీటర్లు. పధ్నాలుగేళ్ల లోపే బెన్వా, ఫాబ్రీ, పెరో అనే ముగ్గురు ఫ్రెంచి శాస్త్రవేత్తలు వేరే పద్ధతిలో ఇదే కొలిచారు. వాళ్లకు వచ్చిన దానికీ దీనికీ తేడా కోటిలో నాలుగు వంతులు. 1960లో ప్రపంచం కడ్డీని పక్కనపెట్టి, క్రిప్టాన్-86 నారింజ కాంతి అలలు 16,50,763.73 అయితే అది ఒక మీటరు అని నిర్ణయించుకుంది. 1983 నుంచి కాంతి వేగం ఆధారంగా మీటరును చెబుతున్నాం.

దీంతో సూత్రం తిరగబడింది. ఇప్పుడు అల పొడవు తెలిసిన విషయం, అద్దం ఎంత జరిగిందన్నదే ప్రశ్న. మన దేశంలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అయొడిన్ ఆవిరితో స్థిరపరిచిన హీలియం-నియాన్ లేజరును పొడవు ప్రమాణంగా నిలబెడుతోంది. యంత్రాల కర్మాగారాల్లో సీఎన్‌సీ యంత్రం బల్ల చెప్పినంత దూరమే జరుగుతోందో లేదో చూడటానికి దాని మీద ప్రతిఫలకం బిగించి, లేజరుతో పట్టీలు లెక్కపెడతారు. ఒక్కో పట్టీకి 316.4 నానోమీటర్లు. లెక్కపెట్టేది మనిషి కన్ను కాదు, కాంతిని విద్యుత్తుగా మార్చే చిన్న గ్రాహకం. అది సెకనుకు లక్షల పట్టీలు కూడా తప్పకుండా లెక్కపెడుతుంది.

ఒక్క గ్రాహకం ఉంటే ఒక లోపం మిగులుతుంది. వెలుగు తగ్గి మళ్లీ పెరిగిందని అది చెబుతుంది గానీ అద్దం ముందుకు వెళ్లిందో వెనక్కి వచ్చిందో చెప్పలేదు. యంత్రం కాస్త వణికి ముందుకూ వెనక్కూ ఊగితే రెండు పట్టీలు జరిగాయని రాసేస్తుంది, అద్దం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకని పట్టీలో పావు వంతు ఎడంగా రెండో గ్రాహకాన్ని పెడతారు. ముందుకు వెళ్లేటప్పుడు మొదటిది ముందు వెలుగుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు రెండోది. ఆ వరసను బట్టి కూడటమా తీసివేయడమా అన్నది తెలుస్తుంది. రెండింటి వెలుగులను కలిపి చూస్తే పట్టీలో వందో వంతు కదలికను, అంటే మూడు నానోమీటర్లను కూడా చదవవచ్చు.

ఇంత సన్నంగా చదివేటప్పుడు గాలిని మరిచిపోతే మోసపోతాం. విశాఖపట్నం సముద్ర మట్టంలో ఉంది, హైదరాబాదు అయిదువందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడికన్నా ఇక్కడ గాలి ఒత్తిడి నూటికి ఆరు పాళ్లు తక్కువ. గాలి పలచబడితే అల పొడవు కాస్త సాగుతుంది. విశాఖలో సరిచూసిన అల పొడవు అంకెనే హైదరాబాదులో వాడితే మీటరు దూరానికి దాదాపు 15 మైక్రాన్లు తప్పు చూపిస్తుంది. యంత్రం విడిభాగాలు మైక్రాన్లలో కుదరాల్సిన చోట ఇది పెద్ద తప్పు. అందుకే లేజరు పెట్టె పక్కనే గాలి వేడినీ ఒత్తిడినీ తేమనూ చదివే పరికరాలుంటాయి. ఇంకొక తప్పు గాలితో సంబంధం లేనిది. అద్దం కదిలే దిశ, కాంతి కిరణం దిశ ఒకటి కాకుండా ఒక డిగ్రీ పక్కకు ఉంటే, లెక్క మీటరుకు 150 మైక్రాన్లు తక్కువ వస్తుంది. పట్టీలు చక్కగా కనిపిస్తూనే ఉంటాయి, ఏ హెచ్చరికా రాదు. యంత్రాన్ని కొస నుంచి కొసకు నడిపి, లేజరు చుక్క గ్రాహకం మీద పక్కకు జరుగుతోందా అని చూసుకోవడమే దీన్ని పట్టుకునే దారి.

ఈ సూత్రం రెండువైపులా పనిచేస్తుందని గుర్తుంటే కళాశాల ప్రయోగశాలలో కూడా ఒక మేలుంది. హీలియం-నియాన్ లేజరు అల పొడవు గాలిలో 632.8 అని ప్రపంచానికంతటికీ తెలుసు. మీరు ఐదువందల వలయాలు జాగ్రత్తగా లెక్కపెట్టినా ప్రతిసారీ 645 దగ్గరే జవాబు వస్తుంటే, కాంతి తప్పు కాదు, మీ లెక్కా తప్పు కాకపోవచ్చు. ఆ పరికరం మర అసలు జరిగినదానికన్నా నూటికి రెండు పాళ్లు ఎక్కువ చూపిస్తోందని అర్థం. చాలా రికార్డు పుస్తకాల్లో ఇలాంటి అంకెను చెరిపి 632 అని దిద్దుతారు. అలా చేస్తే ఆ పూటంతా చూసినదాన్ని పారేసినట్టే. విద్యార్థులకూ, వాళ్ల రికార్డులు దిద్దే అధ్యాపకులకూ నా విన్నపం: వచ్చిన 645నే రాయండి, కింద మర ఎంత తప్పు చూపిస్తోందో లెక్కగట్టి రాయండి, ఆ అంకెను పరికరం మీద చీటీ అంటించి పెట్టండి. తర్వాత వచ్చే జట్టు సోడియం దీపంతో కొలిచేటప్పుడు ఆ దిద్దుబాటు వాళ్లకు నేరుగా పనికొస్తుంది.